వెయ్యి డకాట్ల బొమ్మ, పదిహేను వేల డకాట్ల నేత

చిత్రకారుడైన నా మిత్రుడొకరితో నాకు చాలా ఏళ్లుగా ఒక వాదన నడుస్తోంది. బొమ్మ వేసేవాడు ఆలోచిస్తాడు, నేసేవాడూ కుట్టేవాడూ ఆ ఆలోచనని దారంలోకి దించుతారు, అందుకే మొదటిది కళ, రెండోది పనితనం అని అతని మాట. అందులో చిన్నచూపేమీ లేదు. నేతపనంటే అతనికి గౌరవమే. పైది పైన, కిందిది కింద ఉండటం సహజమని మాత్రం అనుకుంటాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. యూరప్ కళాచరిత్ర చదువుకున్నప్పుడు చిత్రలేఖనం, శిల్పం, వాస్తుశిల్పం ముందు వరసలో వచ్చేవి. గోడకి వేలాడదీసేందుకు బొమ్మలతో నేసిన టాపెస్ట్రీలూ, ఎంబ్రాయిడరీలూ "అలంకరణ కళలు" అనే చివరి అధ్యాయంలో ఉండేవి. ఆ వరసని ఎవరు పెట్టారని అడగాలని నాకు తోచలేదు.

అడగాలని తోచింది ఒక లెక్క చూశాక.

1515లో పోప్ పదో లియో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కింది గోడల కోసం పది టాపెస్ట్రీలు చేయించాలనుకున్నాడు. పైకప్పు మీద మైఖేలాంజెలో బొమ్మలు అప్పటికే మూడేళ్లుగా ఉన్నాయి. టాపెస్ట్రీలకు బొమ్మలు గీసే పని చిత్రకారుడు రాఫెల్‌కి ఇచ్చాడు. సెయింట్ పీటర్, సెయింట్ పాల్ జీవితాల్లోని ఘట్టాలను రాఫెల్, అతని శిష్యులు కాగితాల మీద నిజమైన కొలతల్లో రంగుల్లో వేశారు. వీటిని కార్టూన్లంటారు, ఇప్పటి వ్యంగ్యచిత్రాల అర్థంలో కాదు, నేతకు నమూనా అనే అర్థంలో. అవి బ్రస్సెల్స్‌లో పీటర్ వాన్ ఆల్స్ట్ నేతశాలకు వెళ్లాయి. 1519 డిసెంబర్ 26న మొదటి ఏడు టాపెస్ట్రీలను చాపెల్‌లో వేలాడదీశారు. ఆ రోజుల్లో రోమ్‌లోనే ఉన్న మార్కాంటోనియో మికియెల్ అనే వెనిస్ పెద్దమనిషి వాటి ఖర్చు రాసిపెట్టాడు. ఒక్కోదానికి రాఫెల్‌కి 100 డకాట్లు, అంటే ఆనాటి బంగారు నాణేలు, పట్టూ నేతా కలిపి 1,500 డకాట్లు. అంటే పదింటికీ గీతకు వెయ్యి, నేతకు పదిహేను వేలు. పైన ఉన్న ఆ పైకప్పు మొత్తానికి మైఖేలాంజెలోకి ముట్టింది సుమారు 3,000.

మిత్రుడికి ఈ లెక్క చెబితే, "బంగారు తీగ ఖరీదు అది, కళ ఖరీదు కాదు" అన్నాడు. కొంత నిజమే. వెండి మీద బంగారు పూత పూసిన సన్నటి రేకుని పట్టుదారం చుట్టూ చుట్టి జరీ చేసేవాళ్లు, దానికి చాలా డబ్బయ్యేది. కానీ ఆ రోజుల్లో వస్తువు ఖరీదునీ పనితనాన్నీ గౌరవాన్నీ ఎవరూ మూడుగా విడదీయలేదు. రాజులు గోడ మీద రంగులు వేయించుకోవడం కన్నా టాపెస్ట్రీ వేలాడదీయడాన్నే గొప్పగా భావించారు. 1547లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయేనాటికి అతని దగ్గర రెండు వేలకు పైగా టాపెస్ట్రీలున్నాయి. మనం సహజమనుకునే వరస అప్పుడు తిరగబడి ఉంది. ఎప్పుడూ ఉన్నదాన్ని ఎందుకుందని అడగక్కర్లేదేమో గానీ, మధ్యలో వచ్చిందైతే ఎలా వచ్చిందో అడగాలి.

ముందు నేత సంగతి చెప్పాలి. "దారంలోకి దించడం" అనే మాట వింటే అదేదో నకలు తీసే పనిలా ఉంటుంది. బ్రస్సెల్స్ మగ్గం పడుకుని ఉండేది. పడుగు దారాలు బల్లలా పరిచి ఉంటాయి. కార్టూన్‌ని నిలువు పట్టీలుగా కత్తిరించి పడుగు కింద పెడతారు. నేతగాళ్లు మగ్గం వెంట వరసగా కూర్చుని, దారాల సందుల్లోంచి కిందున్న బొమ్మని చూస్తూ నేస్తారు. వాళ్ల ముందుండేది బట్ట వెనకవైపు. ముందువైపు ఎలా వచ్చిందో మొత్తంగా చూసేది నెలల తర్వాత మగ్గం నుంచి దించాకే. వెనక నుంచి నేయడం వల్ల బొమ్మ కుడి ఎడమలు మారిపోతుంది. అందుకే రాఫెల్ కార్టూన్లను తిరగేసి ఆలోచించి గీయాల్సి వచ్చింది. మనుషులు ఆశీర్వదించే చేయి అద్దంలో మారినట్టు మారిపోకుండా చూసుకోవాలి కదా. ఇంకో విషయం, బొమ్మని పక్కకి తిప్పి నేస్తారు. గోడకి వేలాడినప్పుడు పడుగు అడ్డంగా ఉంటుంది. అంటే నేతగాడు ఒక మనిషి ముఖాన్ని వెనక నుంచి, పక్కకి పడుకుని ఉండగా, చెంప దగ్గర మొదలుపెట్టి నేస్తాడు.

మామూలు గుడ్డలో పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. టాపెస్ట్రీలో అలా పోదు. ప్రతి రంగు దారం తన చోటులోనే వెళ్లి వెనక్కి వస్తుంది. రెండు రంగులు పడుగు వెంట ఒకే గీత దగ్గర కలిస్తే అక్కడ చీలిక మిగులుతుంది, దాన్ని తర్వాత కుట్టాలి. కుంచెతో అయితే ఎరుపులో తెలుపు కలిపి బుగ్గ మీద నీడని మెల్లగా కరిగించొచ్చు. దారాన్ని దారంతో కలపడం కుదరదు. అందుకని ముదురు రంగు, లేత రంగు దారాలను సన్నటి దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి చొప్పిస్తారు. దూరం నుంచి కన్ను వాటిని కలుపుకుంటుంది. ఏ పన్ను ఎంత పొడుగుండాలో కార్టూన్ చెప్పదు, నేతగాడే తేల్చుకోవాలి. ఇంత సన్నటి పనిలో చేయి తిరిగినవాడు నెలంతా కూర్చున్నా చదరపు మీటరు పూర్తవడం కష్టం. ఈ టాపెస్ట్రీల ఎత్తే దాదాపు ఐదు మీటర్లు.

ఇది ఆలోచన లేని పని అని నేను ఒప్పుకోలేను. కానీ సరిగ్గా అదే కాలంలో ఇటలీలో "ఆలోచన" అనే మాటని ఒక వర్గం తన సొత్తు చేసుకోవడం మొదలైంది.

చిత్రకారులు అంతకుముందు వడ్రంగులూ కంసాలుల్లాగే సంఘాల్లో సభ్యులు. చేతిపని చేసేవాళ్లు. కవులూ పండితులూ ఉన్న మెట్టు మీదికి ఎక్కాలంటే, తమ పని చేతిది కాదు, బుద్ధిది అని వాళ్లు చూపించాలి. దానికి దొరికిన మాట "దిసెన్యో". గీత అని అర్థం, మనసులో పుట్టిన రూపకల్పన అని కూడా. 1550లో మొదటిసారి, 1568లో పెంచి మళ్లీ వెలువడిన తన కళాకారుల జీవితచరిత్రల్లో ఇటలీ చిత్రకారుడు వసారి చిత్రలేఖనాన్నీ శిల్పాన్నీ వాస్తుశిల్పాన్నీ దిసెన్యో అనే ఒకే తండ్రి బిడ్డలుగా నిలబెట్టాడు. 1563లో ఫ్లోరెన్స్‌లో ఆ పేరుతోనే అకాడమీ వచ్చింది. రాఫెల్ టాపెస్ట్రీల గురించి వసారి ఏం రాశాడో చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. మనుషుల పనిలా లేదు, అద్భుతంలా ఉంది అని మనసారా మెచ్చుకున్నాడు. జుట్టూ గడ్డాలూ ఎంత సన్నగా నేశారో అని ఆశ్చర్యపోయాడు. కానీ ఆ మెప్పు రాఫెల్ జీవితచరిత్రలో ఉంది. నేసినవాళ్ల పేరు ఒక్కటి కూడా లేదు. ఆయనకు ద్వేషం ఉందనుకోను. జీవితచరిత్ర అనే పద్ధతికి ఒక్క మనిషి, ఒక్క పేరు కావాలి. బారులు తీరి కూర్చుని నెలల తరబడి నేసిన పది మందిని ఆ పద్ధతిలో ఇరికించడానికి చోటు లేదు. కళాచరిత్ర అనే విద్య ఆ పుస్తకం వేసిన దారిలోనే చాలాకాలం నడిచింది.

ఆ కార్టూన్ల తర్వాతి కథ నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. పని అయిపోయాక వాటిని ఎవరూ రాఫెల్ చేతి గుర్తులుగా దాచుకోలేదు. అవి నేతశాల సరుకు. బొమ్మల గీతల వెంట సూదితో పొడిచిన రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి, వాటి మీదుగా మరో కాగితం మీదికి గీతని ఎక్కించుకునేవాళ్లు. వాటితోనే ఫ్రాన్స్ రాజుకి, ఇంగ్లండ్ రాజుకి మళ్లీ నేశారు. 1623లో మొదటి చార్లెస్, ఇంకా యువరాజుగా ఉండగానే, మిగిలిన ఏడింటిని కొన్నాడు. ఆయన కొన్నది గోడకి పెట్టుకోవడానికి కాదు, లండన్ దగ్గరి మోర్ట్‌లేక్‌లో తన నేతవాళ్లు నేయడానికి. అప్పటికీ అవి పట్టీలుగానే ఉన్నాయి. శతాబ్దం చివర్లో ఆ పట్టీలను అతికించి, హాంప్టన్ కోర్ట్‌లో ప్రత్యేకంగా ఒక గ్యాలరీ కట్టించి, చిత్రాలుగా వేలాడదీశారు. అక్కడితో లెక్క తిరగబడింది. నమూనా అసలైంది, నేసినది దాని నకలైంది. వస్తువు మారలేదు, దాని చుట్టూ ఉన్న అభిప్రాయం మారింది. ఇవాళ ఆ ఏడు కార్టూన్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక పెద్ద హాలు నిండా ఉన్నాయి.

1768లో లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాసంస్థ పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు, చిత్రకారుడు రేనాల్డ్స్ తన ఉపన్యాసాల్లో ఈ కార్టూన్లను ఉన్నత కళకు ఉదాహరణలుగా చూపించేవాడు. అదే అకాడమీ రెండేళ్లలోపే తన ప్రదర్శనల్లోకి సూదిపని, కృత్రిమ పువ్వులు, కత్తిరించిన కాగితం, గవ్వల పని, అలాంటి "చిల్లర సామాను" ఏదీ రాకూడదని నిర్ణయించింది. నేయడం కోసం గీసిన బొమ్మ గుడిలో దేవుడైంది, దారానికి మాత్రం గుమ్మం మూసేశారు.

ఆ జాబితాని ఒకసారి మళ్లీ చదవండి. సూదిపనిని ఏ పక్కన పెట్టారు? పువ్వులు, కాగితం, గవ్వలు. అన్నీ స్త్రీలు ఇంట్లో కూర్చుని చేసే పనులు. 1981లో కళాచరిత్రకారులు రోజికా పార్కర్, గ్రిసెల్డా పోలక్ ఇద్దరూ కలిసి రాసిన పుస్తకంలో ఈ నిర్ణయాన్ని బయటికి తీసి చర్చించారు. 1984లో పార్కర్ ఒక్క ఎంబ్రాయిడరీ మీదే ఇంకో పుస్తకం రాసింది. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఒక పని కళా కాదా అన్నది సూదికీ కుంచెకీ ఉన్న తేడా వల్ల తేలలేదు. ఎక్కడ చేస్తారు, ఎవరు చేస్తారు, డబ్బు తీసుకుంటారా లేదా అన్న వాటిని బట్టి తేలింది. బయట, డబ్బుకి, మగవాళ్లు చేసేది కళ. ఇంట్లో, ప్రేమతో, ఆడవాళ్లు చేసేది చేతిపని.

ఎంబ్రాయిడరీ మొదటి నుంచీ ఇంటిపని కాదని కూడా పార్కర్ చూపించింది. 13, 14 శతాబ్దాల్లో లండన్ కార్ఖానాల్లో ఆడవాళ్లూ మగవాళ్లూ జీతానికి కుట్టిన చర్చి వస్త్రాలకు యూరప్ అంతా పేరుండేది. "ఇంగ్లిష్ పని" అనే పేరుతోనే అవి వాటికన్ జాబితాల్లోకి ఎక్కాయి. వాళ్ల పద్ధతి ఒకటుంది. బంగారు జరీని గుడ్డ పైన పరుస్తారు. కింద నుంచి నారదారం పైకొచ్చి, జరీని చుట్టి, అదే రంధ్రంలోంచి కిందకి లాగుతుంది. చిటికెడు జరీ వెనక్కి వంగి కొండీలా కూర్చుంటుంది. బిగించే దారం పైన కనిపించదు, కాబట్టి అరగదు. ఒక్కో వంపూ మడతబందులా పనిచేయడం వల్ల, నిండా బంగారం ఉన్నా అంగీ ఒంటి మీద జారుగా మడత పడుతుంది. నేను ఒక సాయంత్రమంతా దీన్ని ప్రయత్నించాను. గట్టిగా లాగితే జరీ రేకు విరిగి లోపలి పట్టు కనిపిస్తుంది, వదులుగా లాగితే కొండీ పడదు. దీపం పెట్టేవేళకు నాకు మిగిలింది బొటనవేలి గోరంత. ఆ కుట్టులో ఎంత తెలివి ఉందో మా మిత్రుడికి నోటితో చెప్పలేకపోయాను, ఆ ముక్కే చూపించాను. చాలాసేపు వెనకవైపు తిప్పి చూశాడు.

పార్కర్ వాదన నాకు చాలా ఇష్టం. కానీ రాఫెల్ టాపెస్ట్రీలకు అది సరిపోదు. బ్రస్సెల్స్ నేతగాళ్లు మగవాళ్లు, సంఘసభ్యులు, డబ్బు తీసుకునేవాళ్లు. అయినా వాళ్లూ కిందకి జారారు. కాబట్టి ఈ వరసకి రెండు వేర్లున్నాయని నేననుకుంటాను. మొదటిది, బుద్ధినీ చేతినీ విడదీసి చేతిని కింద పెట్టడం. అది 16వ శతాబ్దపు ఇటలీది. రెండోది, చేతిపనిని ఇంటికీ ఆడవాళ్లకీ కట్టేయడం. 18వ శతాబ్దానికి ఈ రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. అకాడమీ నిర్ణయంలో మనకు కనిపించేది ఆ ముడి.

ఆ ముడిలో చిక్కుకున్న మనిషి మేరీ లిన్‌వుడ్. 1755లో పుట్టింది, లెస్టర్‌లో బడి నడిపింది. ప్రసిద్ధ చిత్రాలను ఉన్నిదారంతో, దాదాపు అసలు కొలతల్లో, గుడ్డ మీద కుట్టేది. కుంచె ఎటు కదిలితే కుట్టు అటు వాలేది, పొడుగూ పొట్టీ మారుతూ. దగ్గరికెళ్తే తప్ప దారమని తెలిసేది కాదట. రాయల్ అకాడమీలో ఆమెకు చోటు లేదు. అయితే ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. తనే లండన్‌లో లెస్టర్ స్క్వేర్‌లో గ్యాలరీ తెరిచి, టికెట్ పెట్టి, దశాబ్దాల పాటు నడిపింది. జనం విరగబడి వచ్చారు. 1845లో ఆమె పోయింది. మరుసటి ఏడాది వేలంలో ఆ పనులకు అతి తక్కువ ధర పలికింది. జీవితకాలమంతా లండన్ చూసిన గ్యాలరీ అలా చెదిరిపోయింది.

ఆమెకు అన్యాయం జరిగిందని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. అకాడమీ సూదిపనితో పాటు నకళ్లను కూడా ఒప్పుకోలేదు, ఆమె చేసినవి ఎక్కువగా నకళ్లే. దారం చిత్రలేఖనం చేయగలిగిందంతా చేయగలదని ఆమె నిరూపించింది. కానీ చిత్రలేఖనం కొలబద్దగా ఉన్నంతకాలం దారం ఎంత బాగా చేసినా రెండోదే అవుతుంది. "అచ్చం పెయింటింగ్‌లా ఉంది" అన్న మెప్పులోనే ఓటమి ఉంది. ఇవాళ కూడా ఎంబ్రాయిడరీని మెచ్చుకునేటప్పుడు ఈ మాట వింటుంటే నాకు బాధేస్తుంది.

నేతలో ఇదే జరిగింది. 18వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలాన్ నేతశాల మీద ఊద్రీ అనే చిత్రకారుణ్ని పర్యవేక్షకుడిగా పెట్టారు. చిత్రకారుడు వేసిన రంగుల్ని ఉన్నవున్నట్టు నేయాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. నేత పెద్దలు ఎదురు తిరిగారు. టాపెస్ట్రీ రంగు వేరు, చిత్రం రంగు వేరు, మా రంగుల్ని మేమే ఎంచుకోవాలి అన్నారు. అది అహంకారం కాదు, అనుభవం. తక్కువ రంగులు, బాగా ముదురువి వాడితే వెలుగు తగిలినా రెండు మూడు వందల ఏళ్లు నిలుస్తాయి. చిత్రంలోని ప్రతి లేత ఛాయకీ ఒక దారం అద్దుకుంటూ పోతే, ఆ లేతవే ముందు వెలిసిపోతాయి. ఊద్రీ మాటే నెగ్గింది. ఆ కాలపు టాపెస్ట్రీలు కొన్ని ఇప్పుడు పాలిపోయి ఉంటే, చూసినవాళ్లు దారం నిలవదు, చిత్రమే నిలుస్తుందని తేల్చేస్తారు. నిజానికి రంగు నిలవకపోవడం దారం ఒక్కదాని లోపం కాదు. రాఫెల్ కార్టూన్లలో చేపలు పట్టే ఘట్టం ఉంది. అందులో క్రీస్తు వస్త్రం ఇప్పుడు తెల్లగా కనిపిస్తుంది, నీళ్లలో దాని నీడ మాత్రం ఎర్రగా ఉంది. వస్త్రానికి వేసిన ఎరుపు ఎగిరిపోయింది.

టాపెస్ట్రీలను సరిగ్గా అంచనా వేయడానికి అవి పోగొట్టుకున్న రంగు తెలియాలి, మిగలనివాటి సంగతీ తెలియాలి. 1797లో ఫ్రాన్స్ ప్రభుత్వం రాచరికపు టాపెస్ట్రీలు చాలావాటిని జరీలోని బంగారం, వెండి కోసం కాల్చేసింది. మొదటి ఫ్రాన్స్వా రాజు కోసం రాఫెల్ కార్టూన్ల మీద నేసిన సెట్టు అందులోనే పోయింది. అత్యంత విలువైనవే ముందు బూడిదయ్యాయి, సాదావి మిగిలాయి. మిగిలినవాటిని చూసి ఈ కళ స్థాయిని అంచనా వేయడం ఎంత పొరపాటో 2002లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో థామస్ కాంప్‌బెల్ ఏర్పాటు చేసిన రినైజాన్స్ టాపెస్ట్రీల ప్రదర్శన చాలామందికి తెలియజెప్పింది. రాజుల ఖర్చుల పద్దులూ జాబితాలూ దగ్గర పెట్టుకుని, ఆనాటి వాళ్లు దేన్ని గొప్పగా చూశారో దాని నుంచే మొదలుపెట్టారు.

ఇప్పటి పరిశోధకుల్లో నాకు బాగా నచ్చేది ఈ పద్ధతే. దారాన్ని చిత్రలేఖనం మెట్టు మీదికి ఎక్కించమని అడగరు. బట్టని బట్టగా చదువుతారు. వెలుగు తగలని వెనకవైపు చూసి అసలు రంగులు తెలుసుకుంటారు. టాపెస్ట్రీల్లో చెట్లు నీలంగా ఉండటానికి కారణం పచ్చ కోసం వాడిన పసుపు అద్దకం ఎగిరిపోయి కింది నీలం మిగలడమేనని తెలిసేది అక్కడే. కార్టూన్నీ నేసినదాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుతారు. ఇదివరకు ఆ తేడాలని నేతగాడి తప్పులుగా రాసేవాళ్లు.

మా మిత్రుడితో చివరిసారి మాట్లాడినప్పుడు ఆ తేడాల్లో ఒకటి చూపించాను. పీటర్‌కి క్రీస్తు తన మందని అప్పగించే ఘట్టం అది. రాఫెల్ కార్టూన్‌లో క్రీస్తు ఒంటి మీద ఉన్నది సాదా తెల్ల వస్త్రం. రంగుతో వేసినప్పుడు ఆ తెలుపు, మడతల నీడలతో, నిండుగా నిలబడుతుంది. అంత విశాలమైన తెలుపుని దారంతో నేస్తే మనిషి మధ్యలో ఖాళీ గోడలా కనిపిస్తుంది. పైగా చాపెల్‌లో కొవ్వొత్తుల వెలుగు. టాపెస్ట్రీలో ఆ తెల్ల వస్త్రం మీద బంగారు నక్షత్రాలు చల్లి ఉన్నాయి. చూసేవాళ్లు నడుస్తుంటే జరీ మీద వెలుగు కదులుతుంది, ఆ నక్షత్రాలు ఒకటొకటిగా వెలిగి ఆరుతాయి.

"ఇవి రాఫెల్ వేయలేదా?" అని అడిగాడు.

లేదని చెప్పాను. రెండు బొమ్మల్నీ మళ్లీ దగ్గర పెట్టుకుని నక్షత్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.